‘పోయినసారి ఇచ్చిన రంగే పంపు’ అంటే ఏం పంపాలి?

ప్రశ్న: బరంపురంలో మాకు రంగుల దుకాణం ఉంది. మొన్నటిదాకా నాన్నగారు చూసుకునేవారు, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఆయన ఫోను పాడై కొత్తది తీసుకునేసరికి వాట్సాప్‌లో పాతవన్నీ పోయాయి. కస్టమర్లు మాత్రం ‘పోయినసారి ఇచ్చిందే నాలుగు లీటర్లు పంపు బాబూ’ అని ఒక్క ముక్క పెడతారు. నా ఫోనులో దానికి పైన ఏమీ ఉండదు. అడిగితే ‘మీ నాన్నకు తెలుసు’ అంటారు. మొహమాటపడి ఊహించి కలిపి పంపితే రెండుసార్లు డబ్బాలు వెనక్కి వచ్చాయి. కలిపిన రంగు ఇంకెవరికి అమ్మను? ఏం చెయ్యాలి?

జవాబు: కలపకముందే అడగండి. ఎంత పాత ఖాతా అయినా, ఎంత పెద్దవారైనా అడగండి. మెషిన్ కింద పెట్టేదాకా ఆ డబ్బాలో ఉన్నది ఉత్త బేస్, ఎవరికైనా పనికొస్తుంది. రంగు చుక్కలు పడి మూత బిగించి గిలకొట్టాక అది ఒక్క ఇంటి గోడదే. అందుకే మీ పనిలో ఆగాల్సిన చోటు ఒకటే, మెషిన్ బటన్ నొక్కే ముందు. మొహమాటం సంగతి చెప్పాలంటే, మీరు అడిగితే కస్టమరు ఒక్క నిమిషం విసుక్కుంటారు. అడగకుండా పంపిన రంగు సగం గోడకు పడ్డాక తేడా బయటపడితే పెయింటర్ కూలి పోతుంది, రోజు పోతుంది, మీ మీద నమ్మకం పోతుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ నొప్పో మీకు వచ్చిన రెండు డబ్బాలే చెప్పాయి.

అయితే అడగడంలో పద్ధతి ఉంది. ‘పోయినసారి ఏ రంగు తీసుకున్నారండీ?’ అని అడిగితే ‘అదే, లేత గంధం రంగు’ అని జవాబొస్తుంది. గంధం రంగు అనదగ్గవి షేడ్ కార్డులో ఒక పేజీ నిండా ఉంటాయి. మనిషికి రంగు గుర్తుంటుంది కానీ దాని నంబరు గుర్తుండదు. గుర్తు తెచ్చుకోమనకుండా వారి చేతిలో ఉన్న పని చెప్పాలి. ఇలా రాయండి:

‘నమస్తే అమ్మా. దుకాణం ఫోను మారింది, పాత మెసేజీలు ఇందులో లేవు. పాత డబ్బా ఇంట్లో ఉంటే మూత మీద అంటించిన చీటీని, డబ్బా ముందువైపును ఫోటోలు తీసి పెట్టండి. ఈసారి ఏ గోడకో కూడా చెప్పండి. చూసిన వెంటనే కలిపి పంపిస్తాను.’

పాతవి కనబడటం లేదన్న మాట మొదటే ఉండాలి. అది చెప్పకపోతే మీరు మరిచిపోయారనో, తమను పట్టించుకోవడం లేదనో అనుకుంటారు. ‘మీ నాన్నకు తెలుసు’ అనే మాట అక్కడి నుంచే వస్తుంది. చివరి వాక్యం ఎందుకంటే, ఈ ఫోటో పెడితే పని ఆగదని వారికి తెలియాలి. రేపు పొద్దున్న పెయింటర్ వస్తాడని కంగారులో ఉన్న మనిషికి ఆ ఒక్క హామీ చాలు, పెరట్లోకి వెళ్లి డబ్బా వెతుకుతారు.

ఫోటోలో మీరు చూడాల్సింది ఏమిటంటే: కలర్ మెషిన్ నుంచి వచ్చిన చీటీలో మామూలుగా సరుకు పేరు, బేస్ పేరు, షేడ్ నంబరు, డబ్బా సైజు, తేదీ ఉంటాయి. కొన్నింటిలో ఏ రంగు ఎంత పోసిందో కూడా అచ్చవుతుంది. వీటిలో షేడ్ నంబరు ఒక్కటే పట్టుకుని కలిపేయడం అందరూ చేసే పొరపాటు. ఆ నంబరు ఒక కంపెనీ కార్డుకు సంబంధించినది. అదే నంబరు ఇంకో కంపెనీ కార్డులో వేరే రంగు కావచ్చు. అందుకే డబ్బా ముందువైపు ఫోటో కూడా అడగమన్నాను. సరుకు మారినా రంగు మారినట్టే కనిపిస్తుంది. ఒకే నంబరును మెరుపులేని ఎమల్షన్‌లో ఒకసారి, మెరుపున్న ఎమల్షన్‌లో ఒకసారి కలిపి పక్కపక్కన పూసి చూడండి. మెరుపున్నది వెలుతురు పడే తీరును బట్టి ఒకచోట తేటగా, ఒకచోట ముదురుగా కొడుతుంది. కస్టమరు ‘రంగు తేడా వచ్చింది’ అంటారు. నిజానికి వచ్చినది మెరుపు తేడా.

చీటీ మీద రంగు కారి చదవడానికి రాకపోతే డబ్బా పారేయొద్దని చెప్పండి. చాలా దుకాణాల్లో కలిపాక మూత మీద వేలితో ఒక చుక్క అద్దుతారు. ఆ చుక్క ఎండకు వెలిసి ఉండదు కాబట్టి గోడ కన్నా అదే నమ్మకమైన నమూనా. మూతను దుకాణానికి పంపించమనండి.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తట్టదు. పాత మాటలు పోయింది మీ ఫోనులోనే, కస్టమరు ఫోనులో చాలావరకు అలాగే ఉంటాయి. డబ్బా లేదన్నవారిని వాట్సాప్‌లో మీ దుకాణం పేరు మీద నొక్కమనండి. అక్కడ ఫోటోలన్నీ ఒకచోట చూపే Media, links, and docs అనే వరస, వెతకడానికి Search అనే గుర్తు ఉంటాయి. నాన్నగారు షేడ్ నంబరు టైపు చేసే అలవాటున్నవారైతే ‘లీటర్’ అనో ‘ltr’ అనో వెతికితే దొరుకుతుంది. మెసేజీలు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఆ సంభాషణకు పెట్టి ఉంటే మాత్రం ఇద్దరి ఫోనుల్లోనూ ఉండవు. అది 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో తుడిచేస్తుంది.

దొరికిన మెసేజీని ఫార్వర్డ్ చెయ్యమనకండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టమనండి. ఫార్వర్డ్ చేస్తే పాత తేదీ కనబడదు. తేదీ లేకపోతే అది పోయినసారిదో, అంతకు ముందుసారిదో తెలీదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆ ఆర్డరు మెసేజీ దగ్గర ఆగకుండా దాని కింద ఇంకో పది మెసేజీల దాకా చూడమనండి. పొద్దున్న ఒక నంబరు చెప్పి, సాయంత్రం ‘వద్దు, దాని పక్కది పంపు’ అని మార్చుకోవడం రంగుల వ్యాపారంలో రోజూ ఉండేదే. అడిగినది ఒకటి, చివరికి వెళ్లినది ఒకటి. మీకు కావాల్సింది రెండోది.

ఈలోగా మీ దుకాణంలోనే రెండుచోట్ల వెతకండి. కలర్ మెషిన్ కంప్యూటరులో ఇంతకుముందు కలిపినవాటి జాబితా ఉంటుంది. కలిపేటప్పుడు పేరు గాని ఫోను నంబరు గాని ఎక్కించి ఉంటే ఇట్టే దొరుకుతుంది. ఎక్కించకపోయినా తేదీని బట్టి వెతకవచ్చు. తేదీ కోసం బిల్లు పుస్తకం చూడండి. జీఎస్టీ లెక్కల కోసం బిల్లులు 72 నెలలు దాటేదాకా ఎలాగూ దాచాలి కాబట్టి అవి ఎక్కడికీ పోవు. బిల్లులో చాలాసార్లు షేడ్ నంబరు ఉండదు, సరుకు పేరు, బేస్, సైజు మాత్రమే ఉంటాయి. పర్వాలేదు. బిల్లు తేదీ తీసుకుని మెషిన్ జాబితాలో ఆ రోజు అదే బేస్‌లో అదే సైజు ఎన్ని కలిపారో చూస్తే సాధారణంగా రెండు మూడింటికి తగ్గిపోతుంది.

ఇంటివారి పేరు మీద దొరక్కపోతే పెయింటర్ పేరు మీద చూడండి. సరుకు పట్టుకెళ్లేది చాలాసార్లు అతనే, బిల్లు అతని పేరనే పడుతుంది. మన ఊళ్లో ఇచ్ఛాపురం నుంచి వచ్చి పని చేసే పెయింటర్లు కూడా ఉంటారు కాబట్టి నంబరు ఆంధ్రాదైనా ఆశ్చర్యపోకండి. ఇక ‘పోయినసారి’ అన్నది ఎప్పుడో మీరే ఊహించేసుకోవద్దు. బరంపురంలో ఠాకురాణి జాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది. జాత్రకు రంగు వేయించుకునే ఇంట్లో పోయినసారి అంటే రెండేళ్ల కిందటి మాట. పోయిన దసరాకి గేటుకు తీసుకున్న అర లీటరు ఎనామెల్ వారి లెక్కలోనే ఉండదు. మీ జాబితాలో మాత్రం చివర కనిపించేది అదే.

ఇలా ఆనవాలు దొరికినప్పుడు దాన్ని కస్టమరు ముందు పెట్టే తీరు ముఖ్యం. ‘ఫలానా నంబరు, అదేనా అమ్మా?’ అని అడిగితే నూటికి తొంభైమంది ‘ఆ, అదే అదే’ అంటారు. నంబరు వారికి తెలీదు, మీరు చెప్పారు కాబట్టి అదే అయ్యుంటుందనుకుంటారు. ఆ ‘అవును’కు విలువ లేదు. దానికి బదులు మీకు తెలిసినదాన్ని సగం దాచి అడగండి. ‘రెండేళ్ల కిందట ఏప్రిల్లో రెండు రంగులు తీసుకున్నారు. ఒకటి బయటకి, ఒకటి లోపలికి. ఈసారి కావాల్సింది ఏ గోడకు?’ అంటే వారు చూసి, ఆలోచించి చెప్పాల్సి వస్తుంది. ఆ జవాబు మీ కాగితంతో కలిస్తే అప్పుడు నమ్మొచ్చు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. గోపాల్‌పూర్ నుంచి ఒకావిడ సాయంత్రం ఆరింటికి ‘పోయినసారి ఇచ్చిన రంగే 4 లీటర్లు పంపు బాబూ, రేపు పెయింటర్ వస్తాడు’ అని పెట్టారు. పైన ఖాళీ. మీరు పైన రాసిన మెసేజీ పెట్టారు. పావుగంటలో డబ్బా ఫోటోలు వచ్చాయి. మూత మీద చీటీ ఉంది, నంబరు స్పష్టంగా ఉంది, 4 లీటర్ల డబ్బా. చూడగానే కలిపేయాలనిపిస్తుంది. కానీ డబ్బా ముందువైపు ఫోటోలో ఉన్నది ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. ‘ఏ గోడకు’ అన్నదానికి ఆవిడ ‘హాల్లోకి, వరండా రంగు బాగుందని లోపల కూడా అదే వేయిస్తున్నా’ అని రాశారు.

అంటే ‘అదే’ అని ఆవిడ అన్నది రంగు గురించి మాత్రమే. సరుకు మారాలి. బయట గోడకు వేసేది ఎండకు, వానకు, బూజుకు తట్టుకునేలా మందులు కలిపి చేసినది, లోపలి గదులకు వాడమని కంపెనీలూ చెప్పవు.  కాబట్టి కంప్యూటరులో ముందు లోపలి ఎమల్షన్ ఎంచుకుని, ఆ తరువాత అదే షేడ్ నంబరు కొట్టాలి. పాత చీటీలో ఉన్న మిల్లీలీటర్ల లెక్కను చేత్తో ఎక్కించకండి. సరుకు మారితే బేస్ మారవచ్చు, బేస్ మారితే ఏ రంగు ఎంత పొయ్యాలన్నదీ మారుతుంది. ఆ లెక్కను మెషిన్‌కే వదిలేయాలి.

తరువాత 4 లీటర్ల సంగతి. ఆవిడ 4 అన్నది పోయినసారి 4 తెచ్చారు కాబట్టి. పోయినసారి వేసింది వరండా ముందు గోడ, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, అంటే 200 చదరపు అడుగులు. బయట గోడ గరుకుగా ఉంటుంది, రెండు కోట్లకు లీటరు సుమారు 50 చదరపు అడుగులే వస్తుంది. అలా 4 లీటర్లు సరిపోయాయి. హాలు కొలత అడిగితే 16 అడుగులు, 14 అడుగులు, ఎత్తు 10 అని చెప్పారు. చుట్టూ గోడలు 600 చదరపు అడుగులు. రెండు తలుపులు, రెండు కిటికీలకు 75 తీసేస్తే 525. పుట్టీ పెట్టి నున్నగా ఉన్న లోపలి గోడకు రెండు కోట్లకు లీటరుకు 115 దాకా పట్టుకోవచ్చు. 525ని 115తో భాగిస్తే నాలుగున్నర పైచిలుకు. అంటే 4 లీటర్లు చాలవు, ఇంకో లీటరు కావాలి. పైగా రంగు కలపడానికి చోటు కోసం బేస్ డబ్బాను కాస్త వెలితిగా నింపుతారు, నికరంగా ఎంత ఉందో డబ్బా మీదే అచ్చు వేసి ఉంటుంది. ఆ లెక్కలో ‘4 లీటర్ల డబ్బా’ అన్నది ఇంకాస్త తక్కువే.

‘ముందు 4 పంపు, చాలకపోతే చూద్దాం’ అంటే ఒప్పుకోకండి. మూడో రోజు కలిపిన లీటరు, మొదటి రోజు కలిపిన నాలుగు లీటర్లతో డబ్బాలో చూస్తే తెలియనంత తేడాతోనైనా ఉండొచ్చు. అది చివరి గోడ మధ్యలో బయటపడుతుంది. రెండు డబ్బాలూ ఒకేసారి కలిపి పంపండి. పని మొదలుపెట్టే ముందు రెండింటినీ ఒక పెద్ద బకెట్లో పోసి బాగా కలుపుకోమని పెయింటర్‌కు చెప్పండి. ఆ ముక్క కూడా మెసేజీలో రాయండి, నోటిమాట పెయింటర్ దాకా చేరదు.

చివరగా మెషిన్ బటన్ నొక్కే ముందు ఆవిడకు ఒకే మెసేజీ: ‘వరండా రంగే, హాలుకి, లోపలి ఎమల్షన్, 4 లీటర్లు ఒకటి, 1 లీటరు ఒకటి. రెండింటినీ ఒకే బకెట్లో కలుపుకుని వేయమని పెయింటర్‌కు చెప్పండి. కలిపాక వాపసు ఉండదు. సరే అంటే కలుపుతాను.’ ‘సరే’ వచ్చాక కలపండి. ఫోనులో మాట్లాడి ఖాయం చేసుకున్నా ఈ మెసేజీ పెట్టడం మానొద్దు.

ఇక డబ్బా లేదు, మెసేజీ లేదు, బిల్లు దొరకలేదు అనుకోండి. అప్పుడు ‘పోయినసారిదే’ అన్న మాటను పక్కన పెట్టేయాలి. మీరు చేయగలిగింది గోడ మీద ఉన్న రంగుకు దగ్గర రంగు కలపడమే, దాన్ని అలాగే చెప్పాలి. గోడ ఫోటో పంపిస్తామంటారు. ఫోటో చూసి రంగు కలపొద్దు. ఫోను కెమెరా వెలుతురును బట్టి రంగును తానే సవరించేస్తుంది, తెర మీద ఇంకోలా చూపిస్తుంది. ఒకే గోడను పొద్దున్న ఒకసారి, రాత్రి బల్బు కింద ఒకసారి ఫోటో తీయమనండి, రెండు ఫోటోలూ రెండు రంగుల్లా ఉంటాయి.

కావాల్సింది గోడ పెచ్చు. రెండంగుళాల చదరం ముక్కను బ్లేడుతో చుట్టూ కోసి, కింద ఉన్న పుట్టీతో సహా పెచ్చుగా లేపి, పగలకుండా అట్టముక్కల మధ్య పెట్టి పంపమనండి. ఎక్కడి నుంచి తీయాలన్నది మీరే చెప్పాలి, ఎందుకంటే పని బట్టి అది మారుతుంది. గది మొత్తం కొత్తగా వేస్తున్నారా? అయితే బీరువా వెనక నుంచో, స్విచ్ బోర్డు కింద నుంచో తీయాలి, అక్కడ రంగు వెలవకుండా ఉంటుంది. మరకపడిన చోట అతుకు వేస్తున్నారా? అయితే ఆ మరక పక్కనుంచే తీయాలి, ఎందుకంటే కలవాల్సింది ఇప్పుడున్న వెలిసిన రంగుతో. ఈ తేడా చెప్పకపోతే బీరువా వెనక పెచ్చు తెచ్చి, దానికి సరిగ్గా కలిపించుకుని, గోడ మధ్యలో అతుకు వేసి, ముదురుగా కనిపిస్తోందని మీ మీదకు వస్తారు.

మీ దగ్గర రంగు చదివే పరికరం ఉంటే పెచ్చును మెత్తని గుడ్డతో తుడిచి, దుమ్ము పోయాక చదివించండి. అది చూపేది దగ్గర నంబరే, ఖాయమైన నంబరు కాదు. చిన్న డబ్బా కలిపి, అట్టముక్క మీద రెండు కోట్లు పూసి, పూర్తిగా ఆరనివ్వండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనబడి, ఆరాక కాస్త ముదురుతుంది. తడి మీద సరిపోల్చి ‘ఇంకో చుక్క’ వేస్తే ఆరాక దాటిపోతుంది. ఆరిన అట్టను కస్టమరుకు ఇచ్చి గోడకు ఆనించి చూడమనండి, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి. ట్యూబ్‌లైటు కింద ఒకటిగా కనబడిన రెండు రంగులు ఎండలో విడిపోవడం ఉంది. రెండింట్లోనూ కలిస్తేనే పెద్ద డబ్బా కలపండి. దీనికి ఒక రోజు పడుతుంది. రేపే పెయింటర్ వస్తున్నాడంటే ఆ రోజు పుట్టీ, ప్రైమర్ పని చేయించుకోమనండి.

నంబరు, సరుకు, బేస్ అన్నీ సరిగ్గా దొరికినా గోడకు కలవని సందర్భాలు మూడున్నాయి, వీటిని ముందే చెప్పి ఉంచితే మాట పడరు. మొదటిది ఎండ. గోపాల్‌పూర్ లాంటి సముద్రపు ఊళ్లలో బయటి గోడ రెండేళ్లకే తేట తప్పుతుంది. ముఖ్యంగా పసుపు, ఎరుపు పాలు ఎక్కువున్న రంగులు తొందరగా వెలుస్తాయి. అక్కడ అచ్చం పాత లెక్కతో కలిపినా అతుకు కనబడుతుంది. అందుకని బయట అతుకు వేయించొద్దు, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ గోడ మొత్తం వేయించుకోమనండి. రెండు గోడలు కలిసే మూల దగ్గర చిన్న తేడా కంటికి ఆనదు. రెండోది కంపెనీ మార్పు. మెషిన్‌లో పోసే రంగులు మార్చినప్పుడు కంపెనీ కంప్యూటరులో లెక్కలు కూడా మారుస్తుంది. నంబరు అదే ఉంటుంది, లోపలి లెక్క వేరు. పాత చీటీలో రంగుల లెక్క అచ్చయి ఉంటే ఇప్పటి లెక్కతో పోల్చి చూడండి, తేడా ఉంటే ముందు చిన్న డబ్బా కలిపి అట్ట మీద చూడాలి.

మూడోది పెయింటర్ చెయ్యి. ఇదే ఎక్కువసార్లు మోసం చేసేది. ఇంటివారు ‘ఇంకొంచెం ముదురుగా ఉంటే బాగుండు’ అన్నప్పుడు పెయింటర్ చేతిలో ఉన్న స్టెయినర్ సీసా తీసి బకెట్లో నాలుగు చుక్కలు వేస్తాడు. అది ఏ చీటీలోనూ లేదు, ఏ మెసేజీలోనూ లేదు, నాన్నగారికీ తెలియదు. మూత మీద చుక్క ఒక రంగు, గోడ మీద ఇంకో రంగు ఉంటే కారణం చాలావరకు ఇదే. అందుకే మూత ఫోటో వచ్చాక కూడా ఒక్క ప్రశ్న అడగండి: ‘పోయినసారి పెయింటర్ ఇంటి దగ్గర ఏమైనా కలిపాడా అమ్మా?’ కలిపాడంటే చీటీని నమ్మకుండా పెచ్చు తెప్పించుకోవాలి.

ఇకమీదట ఈ తిప్పలు తగ్గాలంటే, ప్రతి డబ్బా వెళ్లేటప్పుడు మూడు పనులు చెయ్యండి. మొదటిది, మెషిన్ నుంచి చీటీ మూడు కాపీలు తీయండి, ఒకటి మూతకు, ఒకటి పుస్తకంలో ఆ రోజు తేదీ కింద, ఒకటి పెయింటర్ చేతికి. పుస్తకంలో చీటీ పక్కన ఇంటివారి ఫోను నంబరు, పెయింటర్ ఫోను నంబరు, ఏ గోడకో చేత్తో రాయండి, అవి మాత్రం చీటీలో ఉండవు. రెండోది, సరుకు బయలుదేరగానే కస్టమరుకు ఒక మెసేజీ:

‘హాలు గోడలు. లోపలి ఎమల్షన్, కంపెనీ ఫలానా, షేడ్ ఫలానా, బేస్ ఫలానా. 4 లీటర్లు 1, 1 లీటరు 1. మళ్లీ కావాలంటే ఈ మెసేజీనే తిరిగి పంపండి.’

ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకోకండి, అక్షరాల్లో రాయండి. ఫోటోలోని నంబరు వెతికితే దొరక్కపోవచ్చు, పాత ఫోటోలు ఫోను నిండినప్పుడు ముందుగా తుడిచేసేవీ అవే. మీ ఫోను మళ్లీ పోయినా ఈ ముక్క వారి ఫోనులో ఉంటుంది. వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే Quick replies అనే చోట ఈ మెసేజీ నమూనాను దాచుకోవచ్చు. `/` కొట్టి మీరు పెట్టుకున్న చిన్న మాట రాస్తే మొత్తం వస్తుంది, నంబర్లు నింపితే చాలు. మీ మెసేజీల బ్యాకప్ కూడా రోజూ అయ్యేలా ఈరోజే పెట్టుకోండి. అది ఏ ఈమెయిల్ ఖాతాకు వెళ్తోందో, దాని పాస్‌వర్డ్ ఏమిటో పుస్తకం అట్ట లోపల రాసి ఉంచండి. ఫోను పాడైన రోజున చాలామందికి బ్యాకప్ ఉంటుంది, అది ఏ ఖాతాలో ఉందో తెలీదు.

మూడోది పెయింటర్‌తో చేయించాల్సింది. పని అయ్యాక చీటీ మూడో కాపీని ఇంట్లో కరెంటు మీటరు పెట్టె తలుపుకో, గోడ అలమర తలుపుకో లోపలివైపు అంటించమనండి. దాని కిందే, ఇంటి దగ్గర స్టెయినర్ కలిపి ఉంటే ఏ రంగు, సుమారు ఎంత అన్నది పెన్సిలుతో రాయమనండి. డబ్బాను పాతసామాను బండికి వేసేస్తారు, ఫోన్లు మారతాయి, మీటరు పెట్టె మాత్రం అక్కడే ఉంటుంది. వచ్చే జాత్రకు ఆవిడ మెసేజీ పెట్టినప్పుడు మీరు అడగాల్సింది ‘మీటరు పెట్టె తలుపు తీసి ఫోటో పెట్టండమ్మా’ అని మాత్రమే.